ఇరవై సీట్ల స్లైడు

ఆదోనిలో హనుమంతమ్మ సినిమా తెర మీదికి చెప్పు విసిరిందని చెప్పుకుంటారు. ఆ చెప్పు ట్యుటోరియల్ వాళ్ల ప్రకటన స్లైడు మీద సరిగ్గా "ఫీజు సగం" అన్న చోట తగిలిందట. గేటుకాడి మనిషి మెడ పట్టి బయటికి నెట్టాడట. మరునాడు ట్యుటోరియల్ ఓనరు భయపడి, రెండో చెప్పు తన మీద పడకముందే ఆమె కూతురికి సీటిచ్చాడట. పెద్దకడుబూరు బస్సులో ఈ కథను ఒకామె చెప్పుకుంటూ పోతే, వెనక సీట్లో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న హనుమంతమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

హనుమంతమ్మ జిన్నింగు మిల్లులో పత్తి ఏరేది. కాయ తొక్కు, ఎండుటాకు, పురుగు పట్టిన గుల్ల ఏరి పారేసి తెల్లదాన్ని తెల్లగా చేయడం ఆమె పని. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా నెరిసినట్టుండేవి. మొగుడు భీమప్ప మార్కెట్ యార్డులో హమాలీగా బతికి, బోరెం బస్తా కింద నడుము పోగొట్టుకుని, ఒక ఏడాది మంచాన ఉండి చనిపోయాడు. ఒక్కతే కూతురు ఉమాదేవి. మిల్లు దుమ్ములో పెరగకూడదని చిన్నప్పుడే ఎమ్మిగనూరులో అవ్వ దగ్గర వదిలింది. అవ్వ ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప దుమ్ము లేదు. పిల్ల అక్కడే పదో తరగతి దాకా చదివింది. అన్నీ పోయినా బాగుండేదేమో, ఒక్క లెక్కల్లో పోయింది.

"ఒక్కటే కదమ్మా, మళ్లా రాస్తాను," అంది ఉమాదేవి.

"ఎవురు సెప్తారే నీకు? మీ అవ్వ సెప్తాదా?"

అంతకు మించి హనుమంతమ్మకు తెలియదు. సీజను తగ్గి మిల్లు సగం రోజులే తిరుగుతున్న కాలం. అయినా పిల్లను తనతో మిల్లుకు తీసుకుపోయింది. రెండు రోజులు పత్తి ఏరిన ఉమాదేవి మూడో రోజు దగ్గుతో లేచింది. ఆ దగ్గు వింటుంటే హనుమంతమ్మకు భీమప్ప మంచం గుర్తొచ్చేది. ఈ పిల్ల అక్టోబరు పరీక్ష రాసి గట్టెక్కకపోతే తన పక్కనే, అదే పత్తి కుప్ప ముందు కూర్చుంటుంది. ఇక లేవదు.

శుక్రవారం మిల్లుకు సెలవు. ఆడవాళ్లంతా మ్యాట్నీకి పోయేవాళ్లు. ఆ హాల్లో ఆడవాళ్ల వైపు ఒక పద్ధతి ఉండేది. తెర మీద అక్షరం పడితే చదువొచ్చినవాళ్లు పైకి చదవాలి, రానివాళ్లకు వినపడాలి. ఎవరూ పెట్టిన నియమం కాదు. చదవకుండా కూర్చుంటే "నోట్లో వక్క ఉందేమమ్మా?" అని వెనక నుంచి ఎవరో ఒకరు అనేవాళ్లు. ఆ వైపు చదివేది కోట వీధి తులసీబాయి. మఠం సేవలో ఉన్న ఇంటి కోడలు. సబ్బు స్లైడును కూడా స్తోత్రం చదివినట్టు చదివేది.

ఆ వారం చీరల అంగడి స్లైడు తర్వాత కొత్తది పడింది. తులసీబాయి గొంతు సవరించుకుంది.

"సుబోధ ట్యుటోరియల్స్. పదవ తరగతి తప్పినవారికి సదవకాశం! అక్టోబరు పరీక్షకు కొత్త బ్యాచ్. ప్రవేశములు జరుగుచున్నవి. ఫీజు నూట ఇరవై. ఆడపిల్లలకు ప్రత్యేక బ్యాచ్, ఫీజు సగం, అరవై రూపాయలు మాత్రమే. పరీక్ష ఫీజు అదనం. సీట్లు ఇరవై మాత్రమే. ముందు వచ్చినవారికి ముందు. త్వరపడండి!"

"ఇంగొకసారి సదువు తల్లీ," అంది హనుమంతమ్మ. రెండోసారి చదవకముందే స్లైడు మారిపోయింది. కానీ ఆమెకు కావలసిన రెండు మాటలు అందాయి. ఆడపిల్లలకు వేరేగా. సీట్లు ఇరవై.

మరునాడు పనికి పోకుండా పిల్లను వెంటబెట్టుకుని పోయింది. ధాన్యం అంగడి మీద మిద్దె, పక్కనుంచి ఇరుకు మెట్లు. ఇంట్లో ఉన్నది ఒకే జత చెప్పులు. సీటు అడగబోయే పిల్ల ఒట్టి కాళ్లతో పోతే బాగుండదని వాటిని ఉమాదేవికి తొడిగించింది. మడమల వెనక రెండు వేళ్ల జాగా మిగిలింది.

పైన గుమాస్తా రంగనాథ ఉన్నాడు. "సీట్లున్నాయమ్మా. పిల్ల తప్పిన మార్కుల మెమో తేవల్ల. ఏ సబ్జెక్టు పోయిందో సూడల్ల గదా."

మెమో ఎమ్మిగనూరు స్కూల్లో ఉంది. పరీక్ష ఫీజు కట్టాల్సిందీ అక్కడే. ఉమాదేవి బస్సెక్కింది. హెడ్మాస్టరు కర్నూలు పోయి ఉండటంతో రెండు రోజులు ఆగి, మెమో తీసుకుని వచ్చింది. తల్లీకూతుళ్లు మళ్లీ మెట్లెక్కారు. ఈసారి ఓనరు బాలకృష్ణయ్యే కుర్చీలో ఉన్నాడు. మెమో చూడనైనా చూడలేదు.

"ఆడపిల్లల బ్యాచ్ నిండిపోయిందమ్మా. నిన్ననే ఆఖరు సీటు పోయె. జనరల్ బ్యాచ్‌లో అయితే ఉంది. నూట ఇరవై. అది కూడా రెండే సీట్లు. రేపటికి అదీ ఉండదు."

నూట ఇరవై హనుమంతమ్మ చేతికి అందేది కాదు. అరవైకే మిల్లు మేస్త్రీ కాళ్లు పట్టుకుంది. మెట్లు దిగుతూ పిల్ల మీద విరుచుకుపడింది.

"రెండు దినాలు యాడ సచ్చినావే? మీ అవ్వ పెట్టిన సంగటి తింటా కూసున్యావా? ఒక్క దినం ముందొచ్చింటే సీటు నీది గదా!"

"హెడ్మాస్టరు లేకుంటే నేనేం సేసేది?"

"ఇంటి కాడికి పోయి అడగల్ల! నీకు అవసరమైతే గదా! పత్తి కాడ కూసో పో. నీ మొగానికి అదే రాసింటే నేనేం సేసేది."

నడివీధిలో అంది ఆ మాట. ఆ సాయంత్రమే ఉమాదేవి, అవే చెప్పులు టపటపలాడించుకుంటూ ఎమ్మిగనూరు బస్సెక్కి అవ్వ దగ్గరికి పోయింది. పోయేటప్పుడు ఏడవలేదు. అదే హనుమంతమ్మకు నిద్ర లేకుండా చేసింది.

మళ్లీ శుక్రవారం. రాను అంటున్నా మిల్లు వాళ్లు లాక్కుపోయారు. చీరల అంగడి స్లైడు అయ్యింది. సుబోధ స్లైడు పడింది. తులసీబాయి గొంతు సవరించుకుంది.

"...ఆడపిల్లలకు ప్రత్యేక బ్యాచ్, ఫీజు సగం... సీట్లు ఇరవై మాత్రమే..."

"ఎన్ని?" అంది హనుమంతమ్మ.

"ఇరవై."

"ఆ పొద్దు ఎన్ని?"

"ఆ పొద్దూ ఇరవయ్యే కదే."

హనుమంతమ్మ లేచి నిలబడింది. ఆమె తల నీడ తెర మీద, సీట్లు అన్న మాట కింద పడింది. మగవాళ్ల వైపు నుంచి "కూసోవమ్మో!" అని అరుపులు, ఈలలు.

"కూసోను! నా బిడ్డకు సీటు లేదన్యాడు. ఒక్క దినం ఆలస్యమని నేను నా బిడ్డను నడీదిలో తిట్న్యాను. ఈడ సూడండప్పా, ఇంగా ఇరవై సీట్లున్నాయంట! ఒగటి గూడా తగ్గలేదంట! తిన్న్యా తరగని పాత్రనా ఇది?"

హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు కారం రాసినట్టయింది. పైన ఆపరేటరు ఏం జరుగుతోందో తెలియక స్లైడు అట్లాగే ఉంచేశాడు. గేటు మనిషి టార్చి వేసుకుని వస్తే, తులసీబాయి అడ్డంగా కొంగు బిగించి నిలబడింది.

"ఆమెను ముట్టకు. తప్పేమనింది? రాసింది నేను చదివినాను, చదివింది ఆమె విన్నది."

సినిమా మొదలయ్యాక హనుమంతమ్మ తనంత తానే బయటికి నడిచింది.

మరునాడు పొద్దున్నే పోయి ట్యుటోరియల్ మెట్ల మొదట్లో కూర్చుంది. ఎవరినీ తిట్టలేదు. ఆస్పరి నుంచి కొడుకును తీసుకుని ఒక రైతు వచ్చాడు.

"యాడికప్పా? సీట్లకా? లేవు. నిండిపోయినాయి. పో."

"ఎవురు సెప్పినారు?"

"ఓనరే సెప్పినాడు. అంతా అయిపోయె. ఊరికే మెట్లెక్కి కాళ్లు నొప్పి సేసుకోవద్దు."

రైతు బజారు అవతల ఉన్న ఇంకో ట్యుటోరియల్ వైపు పోయాడు. తర్వాత నందవరం వాళ్లు ఇద్దరు. వాళ్లకూ అదే మాట. మధ్యాహ్నం లోపల ఎంతమందిని అట్లా మళ్లించిందో ఆమె లెక్క పెట్టుకోలేదు. రంగనాథ ఒకసారి కిందికి వచ్చి చూసి పైకి పోయాడు. ఆఖరుకు బాలకృష్ణయ్యే పంచె పట్టుకుని దిగివచ్చాడు.

"ఏమమ్మా ఇది? నా కడుపు కొడతాండావే! సీట్లు లేవని ఎవురన్నారు?"

"నువ్వే గదప్పా."

"నేనన్నది ఆడపిల్లల బ్యాచ్!"

"అవునా? అయితే ఆ ఇరవై మంది బిడ్డలను సూపీ. ఒక్కసారి కండ్లారా సూసి పోతాను. నా బిడ్డకంటే ముందొచ్చిన పుణ్యాత్మురాళ్లు గదా, దండం పెట్టుకుంటాను."

పైన క్లాసులో మగపిల్లలు లెక్కలు అప్పజెబుతున్న గొంతులు వినపడుతున్నాయి. ఆడగొంతు ఒక్కటీ లేదు. ఏ పూటా లేదు. రంగనాథ మెట్ల మీద నిలబడి గోడకున్న సున్నం గోరుతో గీకుతున్నాడు.

"సెప్పు నాయనా," అంది హనుమంతమ్మ అతనితో. "నువ్వన్నా సెప్పు."

"బ్యాచే పెట్టలేదమ్మా," అన్నాడు రంగనాథ, గోడవైపే చూస్తూ. "సగం ఫీజు అంటే జనం మెట్లెక్కుతారు. ఎక్కినాక నిండిపోయిందంటే, వచ్చిన తోవకు ఊరికే పోలేక జనరల్‌లో చేర్చి పోతారు. అన్ని చోట్లా..."

"నోరుమూయ్ రా!" అన్నాడు బాలకృష్ణయ్య.

హనుమంతమ్మ లేచింది. కొట్టేట్టు చూసింది. కానీ గొంతు తగ్గించి మాట్లాడింది. అదే బాలకృష్ణయ్యను ఎక్కువ భయపెట్టింది.

"లేని సీటు పోయిందని సెప్పి నా బిడ్డను నా నోటితోనే తిట్టించినావు. దాన్ని నువ్వు తీర్సలేవు. తెర మీద రాసింది మాత్రం తీర్సు. లేకుంటే నేను దినామూ ఈడనే కూసుంటాను. సీట్లు లేవని నీ మాటే సెప్తాంటాను. అబద్దం ఒక్కటి గూడా సెప్పను."

"ఒక్క పిల్ల కోసం బ్యాచ్ ఎట్ల పెట్టేదమ్మా? పంతులుకు జీతం ఎవురిస్తారు? కనీసం పదిమందన్నా ఉండల్ల గదా."

"నువ్వు రాసినావు ఇరవై. పది నేను తెస్తాను. సిగ్గుంటే మిగిలిన పదీ నువ్వు తే."

మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్ల ఇళ్లలో పదో తరగతి తప్పి, అంట్లు తోముకుంటూ ఉన్న పిల్లలు అన్ని గడపల్లోనూ ఉన్నారు. ఏ తల్లీ ఆ మాట పైకి చెప్పుకునేది కాదు. హనుమంతమ్మ గడప గడపకూ పోయి అడిగింది. కొందరు తలుపేసుకున్నారు. "మీ పిల్ల తప్పిందని ఊరందరి పిల్లల్నీ లాగుతావా?" అంది తిమ్మక్క. అన్నదే గానీ, మరునాడు తన కూతురు జడ వేసి పంపింది. పదకొండు మంది అయ్యారు. ఇరవై మాత్రం ఎప్పటికీ కాలేదు. వారం తిరిగేసరికి స్లైడు మారింది. "సీట్లు" అన్న వరుస తీసేసి, "ఆడపిల్లలకు పొద్దున క్లాసులు" అని రాయించారు. ఆ శుక్రవారం తులసీబాయి దాన్ని అడగకుండానే రెండుసార్లు చదివింది.

హనుమంతమ్మ ఎమ్మిగనూరు పోయి, మగ్గం పక్కన మొహం తిప్పుకుని కూర్చున్న కూతురి ముందు నిలబడింది. తప్పయిపోయిందని ఆమెకు అనడం రాదు.

"రాయే. సీటుంది," అంది.

ఉమాదేవి లేచి చెప్పులు తొడుక్కుంది.

తెర మీదికి విసిరిందని ఊరు చెప్పుకునే చెప్పులు అవే. ఆమె హాల్లో లేచి నిలబడిన శుక్రవారం అవి ఎమ్మిగనూరులో, అలిగి వచ్చిన పిల్ల కాళ్లకున్నాయి. హనుమంతమ్మ సినిమాకు పోయింది ఒట్టి కాళ్లతో.