రెండున్నర గంటల మాట

మా చర్చి వార్షికోత్సవ పుస్తకం కనబడితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను కర్నూలులో ఒక డీటీపీ సెంటర్లో టైపు చేస్తాను. మా ఊరు నందికొట్కూరు దగ్గర. ఊళ్లో చర్చి కమిటీకి కార్యదర్శి ఒక రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ఓ సోమవారం పొద్దున్నే ఫోను పట్టుకుని మా షాపులో ఊడిపడ్డాడు. మా ఊరి అవ్వను కూర్చోబెట్టి పాత సంగతులు రికార్డు చేశాడట. రెండున్నర గంటలు. ఉన్నది ఉన్నట్టు టైపు చేసిస్తే పుస్తకంలో వేస్తారు. బుధవారం సాయంత్రానికల్లా ప్రెస్సుకు పోవాలి, ఆదివారం పండగ.

అంత తొందరగా కాదు సార్ అన్నాను. ఆయన నా టైపు పరీక్ష స్పీడు అడిగాడు. నిమిషానికి నలభై మాటలని చెప్పాను, అదే కొంప ముంచింది.

“అవ్వ నిమిషానికి ఎనభై మాటలు మాట్లాడుతుందనుకో. నువ్వు నలభై కొడతావు. రెండింతలు. ఐదు గంటల్లో అయిపోతాది, దీనికేంటికమ్మా అంత రాద్ధాంతం?”

లెక్కలో తప్పులేదు. ఆ నలభై మాటలు ఎదురుగా కాగితం పెట్టుకుని చూసి కొట్టే స్పీడని మాత్రం ఆయన బుర్రకెక్కలేదు. విని కొట్టడం వేరు. కొంత వినాలి, ఆపాలి, కొట్టాలి, అర్థం కాకపోతే వెనక్కి జరిపి మళ్లీ వినాలి. ఇదంతా చెబితే, పిల్లల సాకులు విన్నట్టు తలూపి వెళ్లిపోయాడు.

ముందు పది నిమిషాల ముక్క టైపు చేసి చూశాను. గంట దాటి ఇంకో పది నిమిషాలు పట్టింది. అంటే ఏడింతలు. ఎందుకు పట్టదూ! రికార్డు చేసింది చర్చి వరండాలో. మా వాళ్లకో అలవాటుంది. పెద్దామె మాట్లాడుతుంటే చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఊరికే వినరు. స్తోత్రం అంటారు, మాట అందిస్తారు, ఆమె వాక్యాన్ని వీళ్లే ముగిస్తారు. మధ్యలో ఎవరో పాటెత్తుకుంటే అందరూ అందుకుంటారు. ఇందులో అవ్వ గొంతు ఏదో పట్టుకోవడానికే నాలుగుసార్లు వినాలి. ఏడింతలంటే పదిహేడున్నర గంటలు. పూర్తయ్యాక ఇంకోసారి వింటూ సరిచూసుకోవాలంటే మొత్తం ఇరవై. షాపు పని పోగా నాకు రోజుకు మిగిలేది నాలుగు గంటలు. మూడు రోజులకు పన్నెండు.

నా కడుపు మంట అసలు దీనికి కాదు. మొదట్లోనే అవ్వ ఒక మాటంది. “మాయమ్మ గురించి చెప్తా. ఈ చర్చి గోడకు రాళ్లు మోసింది. యాడా ఆమె పేరు ల్యాదు. దానికే ఈడ కూర్చున్యా. ఉండు, దానికి ముందు కరువు సంగతి చెప్పనీ.” ఆ తర్వాత కరువు, పెండ్లి, పాదిరిగారి గుర్రం... అమ్మ సంగతి రాదే!

కార్యదర్శికి ఫోను చేశాను. బుధవారానికి మొత్తం కాదు గానీ, అవ్వ వాళ్లమ్మ సంగతి ఎక్కడుందో చెప్పండి, ముందు అది కొడతాను అని. ఆయనకూ తెలీదు, రికార్డింగు ఆన్ చేసిపెట్టి మధ్యలో అన్నానికి వెళ్లాడట. అంతా ముఖ్యమే, వరసగా కొట్టుకుంటూ పొమ్మన్నాడు. ముందుకు జరిపి నేనే వెతికాను. ఒకచోట పాట, ఒకచోట నవ్వులు, ఇంకోచోట నలుగురి గొంతులు కలగాపులగం. వెతికిన సేపూ నా గంటల్లోంచే పోతుందని మానేసి వరసలోకొచ్చాను.

బుధవారం సాయంత్రానికి గంటన్నర రికార్డే పూర్తయింది. ఇంకో రెండు రోజులివ్వమని ప్రెస్సాయనను బతిమాలాను. కుదరదన్నాడు. ఉన్నంతవరకు చాలులే అని కార్యదర్శి పట్టుకుపోయాడు. ఐదు గంటల పనికి మూడు రోజులు తీసుకున్నానని కమిటీలో నా గురించి చెప్పాడని తర్వాత తెలిసింది. నాకు ఏడుపొచ్చింది.

మిగతాది పంతం కొద్దీ శనివారానికి పూర్తి చేశాను. వాళ్లమ్మ సంగతి చిట్టచివర ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక అవ్వ కొత్త పుస్తకం ఒళ్లో పెట్టుకుని నన్ను పిలిచింది. ఆమెకు చదువు రాదు.

“దీంట్లో మాయమ్మ పేరు యాడుండాది? ఆ కాగితం చూపియ్యి. ఏలు పెట్టి చూస్తా.”

టైపు చేసిన కాగితాలు నా సంచిలో ఉన్నాయి. తీసి ఆమెకు అందించబోయాను. అవి తీసుకోకుండా, పుస్తకంలో ఎందుకు లేదని అడిగింది. టైము చాలలేదవ్వా అన్నాను. ఆమెకు కోపం రాలేదు, నిజంగానే అర్థం కాలేదు.

“నేను చెప్పేకి ఒక్క పూటే పట్టె గదమ్మా,” అంది.