పాలు రాసిన బన్ను

మా మేనత్త జ్ఞానమ్మ చేసిన బన్నులు తిన్నవాళ్లు రాజమండ్రిలో ఇంకా ఉన్నారు. ఆమె పడ్డ కష్టం తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. ఆమె భర్త, మా లాజరు మావయ్య పోయాక ఆయన మంచితనం గురించి చర్చిలో చాలాసేపు చెప్పారు. వింటున్నంతసేపూ నాకు ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

అత్త చిన్నప్పుడు మిషన్ బంగళాలో దొరసాని దగ్గర వంట నేర్చుకుంది. పెళ్లయ్యాక పెరట్లోనే ఇటుకలతో, బంకమట్టితో గుమ్మటంలాంటి పొయ్యి కట్టించుకుని బన్నులు కాల్చేది. గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. రేవులో జనం కిటకిటలాడేవారు. పిండి పొంగడానికి తాటికల్లు కలిపేది. పైపూత దగ్గర మాత్రం అత్తకి మహా పట్టుదల. బంగళాకి వెళ్లేవాటికి గుడ్డు సొన. చిటికెడు ఉప్పు, చెంచాడు పాలు వేసి గిలక్కొట్టి, గుడ్డలో వడగట్టి, కోడి ఈకతో పల్చగా రాసేది. అవి అద్దంలా మెరిసేవి. ఆదివారం బడిపిల్లలకి పంచదార పాకం. అది పొయ్యిలోంచి తీశాక, వేడి మీదే రాయాలి. ముందు రాస్తే మాడి నల్లబడుతుంది. రేవుకి వెళ్లేవాటికి ఉత్త పాలు, అదీ విడిగా పెట్టుకున్న మెత్తటి గుడ్డతో. పాలు రాసినది మెత్తగా, గోధుమరంగులో బాగానే కాలుతుంది గాని మెరవదు.

"ఈకని పాలలో ముంచితే చెయ్యి విరగ్గొడతాను" అనేది నన్ను. నాకప్పుడు పదేళ్లు, అత్త దగ్గరే పెరుగుతున్నాను. ఆ పట్టింపు ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

అర్థమయ్యేలా చేసింది పెద్దింట్లమ్మ. ఆమె రేవులో చేపలమ్మే మనిషి. ఒక్కగానొక్క కొడుకు సత్తియ్య వంతెన పనిలో చేరాడు. స్తంభాల పునాదికి ఏట్లోకి ఇటుకల బావులు దింపుతుంటే, లోపలికి మునిగి అడుగున అడ్డం పడ్డ దుంగలు తీసే పని అతనిది. ఆ ఏడు కార్తీకం నెలంతా నీచు ముట్టనని, పగలు అన్నం తిననని, కొడుకు క్షేమంగా పైకి రావాలని ఆమె శివుడికి మొక్కుకుంది. చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగే మనిషికి అదేమంత తేలిక కాదు. పగలు ఒక్క బన్ను తిని ఉండాలనుకుంది. మా ఇంట్లో చేసింది తింటే వాళ్ల కులంవాళ్లు ఊరుకోరు. అయినా ఆమె వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"జ్ఞానమ్మా, నీ బన్నులో నీచు తగులుద్దా? ఉన్నదున్నట్టు చెప్పు."

"కల్లుంటది పెద్దింట్లమ్మగారూ."

"కల్లుకి నీచేంటి, చెట్టులోంచి వచ్చిందేగా. గుడ్డు సంగతి చెప్పు."

"రేవు బన్నుకి పాలేనండి. గుడ్డు చుక్క కూడా తగలదు. నా మాట నమ్మండి."

నమ్మింది. రోజూ మావయ్య రేవుకి గంప తెస్తే, ఒక బన్ను కొంగులో చుట్టుకుని పడవ చాటుకి వెళ్లి తినేది.

అత్త తెల్లవారుజామునే లేచి బంగళా బన్నులు కాల్చి, వేడిగా ఉండగానే మోసుకెళ్లేది. రేవు బన్నులు ఉండలు చేసి గుడ్డ కప్పి పెట్టి వెళ్లేది. అవి పొంగాక పాలు రాసి, పొయ్యిలో పెట్టి, తీసి, అమ్ముకురావడం మావయ్య పని. తనేదో మహా ఉపకారం చేస్తున్నట్టు చేసేవాడు. మనిషి మాటకారి. ఆయన నవ్వితే ఎదుటివాళ్లు నవ్వాల్సిందే.

కార్తీకం మొదలై పద్దెనిమిదో రోజున బంగళావాళ్లు పెద్దాపురం వెళ్లడంతో అత్త అక్కడి గుమాస్తాకి బన్నులు అప్పగించి తొందరగా ఇంటికొచ్చింది. మావయ్య అప్పుడే రేవు బన్నులు గంపలో సర్దుతున్నాడు. అత్త ఒక్కసారి గంపలోకి చూసి ఆగిపోయింది. బన్నులన్నీ ధగధగలాడుతున్నాయి.

"ఏంటండీ ఇది?"

"పాకం రాశానే. పిల్లలు అడుగుతున్నారు."

అత్త ఒక బన్ను తీసి వేలితో నిమిరింది. పాకమైతే వేలికి జిగురుగా అంటాలి. ఇది పొడిగా ఉంది. నాలుకతో తాకి చూసింది. తీపి లేదు. తిరగేసి చూసింది. పక్కన కారిన చుక్క అడుగున పసుపుపచ్చని పొరలా కాలి అంటుకుని ఉంది. పాలు అలా పొర కట్టవు. గబగబా పొయ్యి దగ్గరికెళ్లి పాలగుడ్డ పట్టుకుంది. ఎండిపోయి కర్రలా ఉంది. పాలగిన్నె ఖాళీ. బంగళా బన్నులకి రాయగా మిగిలిన సొన గిన్నె కూడా ఖాళీయే.

"ఎన్నాళ్లనించి?"

ఆయన తలగోక్కున్నాడు. "నెల మొదట్నించీ. మిగిలిన సొన పారబోస్తే పాపం కాదూ? మెరిస్తేనే ఎవడైనా చెయ్యి చాపుతాడు. ఆ పాలేవో నేను తాగాను. ఇంత చిన్నదానికి..."

"పెద్దింట్లమ్మగారికి?"

"ఆవిడా అడిగింది, ఇంత మెరుస్తుందేంటని. పాకం అన్నాను. మా జ్ఞానమ్మ పాకం రాయమందని చెప్పాను. నీ పేరు చెప్తే ఇంక మాట్లాడలేదు. అయినా మన దేవుడికి లేని పట్టింపు మనకెందుకే?"

"పట్టింపు ఆవిడది. మాట నాది" అంది అత్త. అరిచి ఉంటే బాగుండేది. ఏడిచినా బాగుండేది. తెల్లబోయిన ఆ ముఖం నేనెన్నడూ మరిచిపోలేను.

చెప్పకుండా ఊరుకుందామా అని ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా చెయ్యి పట్టుకుని రేవుకి నడిచింది. పెద్దింట్లమ్మ గంప దించి మెట్ల మీద కూర్చుని ఉంది. అత్త ఆమె ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా.

పెద్దింట్లమ్మ ఏట్లోకి చూసింది. అక్కడ పడవల మధ్య సత్తియ్య పనిచేసే బావి కనిపిస్తోంది.

"పద్దెనిమిది రోజులు నీ ఇంట్లో జరిగింది నీకు తెలీదా?" అంది.



"నా మొక్కు చెడలేదనుకుని, ధైర్యంగా నా కొడుకుని రోజూ ఆ నీళ్లలోకి పంపాను జ్ఞానమ్మా. నీ మాట మీద పంపాను. ఆ లాజరు సంగతి నాకెందుకు, నేను నిన్ను నమ్మాను."

గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత అత్తతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకునేది.

సత్తియ్యకి ఏమీ కాలేదు. వంతెన పూర్తయింది, అతను పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. మొదటి రైలు వెళ్లినరోజు గట్టు మీద నిలబడి చూశాం. మావయ్య ఆ జనంలో సత్తియ్యని చూపించి, నవ్వుతూ అత్త భుజం తట్టాడు.

"చూశావా, వాడికేం కాలేదుగా! ఊరికే బెంబేలుపడ్డావు."

అత్త ఆయన చేతిని భుజం మీంచి తీసేసింది. ఆ తర్వాత ఆయనకి అన్నం పెట్టింది, జ్వరమొస్తే సేవ చేసింది, ప్రతి ఆదివారం పక్కన కూర్చుని ప్రార్థన చేసింది. పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వలేదు. ఇరవై ఏళ్లు ప్రతి బన్నుకీ తనే రాసుకుంది.

ఆయన పోయాక ఒకరోజు నేను అడిగాను, ఇప్పుడైనా క్షమించావా అత్తా అని.

"ఆ పిల్లాడికి ఏమన్నా అయ్యుంటే మీ మావయ్య కుమిలిపోయేవాడే. అప్పుడు క్షమించేదాన్ని" అంది అత్త. "ఏమీ కాలేదు కదా, ఆయనకి తను తప్పు చేశానని చచ్చేదాకా తెలీలేదు."