చూడని ఎడమ అద్దం

తొంభైల మొదట్లో ఖమ్మంలో నాకు కళ్లద్దాల దుకాణం ఉండేది. నల్ల కళ్లద్దాలు అసలువో నకిలీవో చెప్పడంలో నాకు కాస్త పేరొచ్చింది. ఆ పేరు తలకెక్కింది కూడా.

అప్పట్లో డబ్బున్నవాళ్లంతా ఒక విదేశీ కంపెనీ అద్దాలంటే పడి చచ్చేవారు. అసలువాటిలో రెండు అద్దాల మీదా, కీలు పక్కన, కంపెనీ అక్షరాలు వెంట్రుకంత సన్నగా చెక్కి ఉంటాయి. వెలుతురుకు ఏటవాలుగా పెడితే కనిపిస్తాయి, గోరుకు తగులుతాయి. కీలులో ఏడు లోహపు పలకలు ఒకదాని సందులో ఒకటి కూర్చుంటాయి, దాన్ని ఫ్రేముకు చిన్న మేకులతో బిగిస్తారు. నకిలీలో మూడే పలకలు, అవీ వేడిచేసి ప్లాస్టిక్‌లోకి నొక్కినవి. చెవుల మీదికొచ్చే కాడల లోపల మోడల్ పేరు, సైజు అంకెలు, దేశం పేరు ఉంటాయి. నకిలీలో ఆ అచ్చు స్పిరిట్ గుడ్డకే చెరిగిపోతుంది. మూడూ చూసి గానీ తేల్చి చెప్పకూడదని దుకాణానికి వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేవాణ్ణి.

మిర్చి మార్కెట్ జోరుగా సాగే రోజుల్లో ఒక పెద్ద రైతు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి పినపాక వైపు పొలాలు కొన్న కుటుంబం. వెంట జీపు డ్రైవరు. అక్కడి తండా మనిషి, ఆయన దగ్గర ఏడెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు.

"చూడండి, ఇవి మా బావమరిది సింగపూర్ నుంచి తెచ్చినవండీ. జీపులోనే ఉంటాయి. ఈమధ్య ఒక అద్దం రంగు తేడాగా కనబడుతోంది. వీడు అసలువి అమ్మేసి డూప్లికేట్ పెట్టాడని నా అనుమానం. మీరు తేల్చండి," అన్నాడు రైతు.

మిర్చి అమ్ముకుని వచ్చిన నలుగురైదుగురు దుకాణంలోనే ఉన్నారు. వాళ్ల ముందు నా గొప్ప చూపించుకునే అవకాశం. కుడి అద్దాన్ని ట్యూబులైటు కింద తిప్పాను. అక్షరాలు లేవు. గోరుతో గీసి చూశాను, నున్నగా ఉంది.

"డూప్లికేటే," అన్నాను.

"సార్, నేను ఏం మార్చలె. రెండో అద్దం గూడ చూడుండ్రి సార్," అన్నాడు డ్రైవరు.

"ఒకటి చూస్తే చాల్లేవయ్యా," అన్నాను. ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను.

రైతు అక్కడే చెయ్యి చాపి జీపు తాళాలు అడిగాడు. డ్రైవరు తాళాలు కౌంటరు మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా బస్టాండు వైపు వెళ్లిపోయాడు. రైతు ఆ అద్దాలను నా దగ్గరే పారేసి, వేరే జత కొనుక్కుని పోయాడు.

మధ్యాహ్నం ఖాళీ దొరికాక, పనికొచ్చే మేకులేమైనా ఉన్నాయేమోనని ఆ అద్దాలు తీశాను. కీలులో ఏడు పలకలు. కాడ లోపలి అచ్చు స్పిరిట్‌తో రుద్దినా చెక్కు చెదరలేదు. ఎడమ అద్దం అంచున అక్షరాలు గోరుకు గరుకుగా తగిలాయి. అసలుదే! కుడి అద్దం ఫ్రేములోంచి ఊడదీశాను. పై మూలలో సాన తగిలి చిన్న పెచ్చు లేచి ఉంది. ఆ పెచ్చు లేపింది నేనే. ఆర్నెల్ల కిందట ఆ రైతు అల్లుడు పగిలిన అద్దంతో వచ్చి, "మామగారికి తెలియనివ్వకండి," అని బతిమాలితే, రంగు కలిసే అద్దం కోసి పెట్టాను. నా చేతి పనినే నేను ఆనవాలు పట్టలేకపోయాను.

ఆ సాయంత్రమే రైతుకు కబురు పెట్టాల్సింది. పెట్టలేదు. అల్లుడికిచ్చిన మాట ఉందని నాకు నేను చెప్పుకున్నాను. అదంతా బుకాయింపు. తప్పు చెప్పానని ఊరికి తెలిస్తే నా పేరేమవుతుందన్నదే అసలు భయం.

రెండు నెలలు ఆ సంగతి మింగుడుపడలేదు. చివరికి ఒక ఆదివారం బస్సెక్కి ఆ డ్రైవరు ఉండే తండాకు వెళ్లాను. అతను అడవి అంచున బీడీలు చుట్టే తునికాకు కట్టలు ఎండబెడుతున్నాడు. డ్రైవరు పని ఆ చుట్టుపక్కల ఎవరూ ఇవ్వలేదట. నులక మంచం వాల్చాడు, మంచినీళ్లిచ్చాడు. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను.

అతను కోప్పడలేదు. "నేను దొంగను గాదని నాకెరికే గద సార్. నాకు చెప్పనీకి ఇంత దూరం ఎందుకొచ్చిండ్రు? గాయనకు చెప్పుండ్రి. మా పిల్లలను బడిల దొంగోని పిల్లలంటున్నరు," అన్నాడు.

తప్పకుండా చెబుతానన్నాను. తిరుగు బస్సు ఆ రైతు ఊళ్లో ఆగింది. రోడ్డు పక్కనే ఇల్లు. ఆయన వసారాలో కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "దిగేటోళ్లు జల్దీ దిగుండ్రి," అని కండక్టరు రెండుసార్లు అరిచాడు. నేను సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉన్నాను. బస్సు కదిలింది. హమ్మయ్య అనుకున్నాను.