ఒకటి నొక్కినవాళ్ళు

మనుషులకు మార్కులు వేసే పని నా చేత కొన్నేళ్ళు చేయించారు. ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కోపం పని మీద కాదు. పని ఎవరో ఒకరు చెయ్యాలి. అంకె వెయ్యగానే మనిషి సంగతి తేలిపోయిందనుకునే తీరు మీదే నా కోపమంతా.

నేను బడికి వెళ్ళింది తక్కువ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనికి కుదిరాక, ఖాళీ దొరికినప్పుడల్లా పాత పేపర్లూ రూలు పుస్తకాలూ చదివి నాకు నేనే అక్షరం నేర్చుకున్నాను. లైన్లు కలిపి కలిపి రిటైరయ్యాను. గొంతు విని ఏ పక్క మనిషో చెప్పడం ఆ పనిలో అబ్బింది. రెండువేల పదిహేను ప్రాంతంలో రాజాంలో, ధాన్యం కొట్లకు ఎగువన ఒక మేడ మీద, కాల్ సెంటర్ పెట్టారు. డిష్ టీవీల కంపెనీకి వచ్చే తెలుగు ఫోన్లు అక్కడ ఎత్తేవారు. మా పల్లెల మాట తెలిసినవాడు కావాలని నన్ను ఆడిటింగుకి పిలిచారు.

ఆడిటింగంటే రికార్డయిన ఫోన్లు వినడమే. ఒక్కొక్కరూ నెలకు వందల ఫోన్లు ఎత్తుతారు. వాటిలో గుప్పెడు తీసి మేం వింటాం. నమస్కారం చెప్పారా, మాట్లాడేది ఖాతా ఉన్న మనిషేనా అని అడిగి తేల్చుకున్నారా, చెప్పిన సంగతి సరైనదేనా, ముగింపు మాట చెప్పారా అని చూసి మార్కులు వేస్తాం. కొన్ని తప్పులకు ‘ఫేటల్’ అని పేరు. అది ఒక్కటి దొర్లితే మిగతాది ఎంత బాగున్నా ఆ ఫోనుకి సున్నా. ఇది కాక, మాటలయ్యాక లైన్లో ఉన్నవాళ్ళకు ఒక రికార్డింగ్ వినిపించేది. ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకె నొక్కాలి. ఒకటంటే బాగోలేదని, ఐదంటే చాలా బాగుందని. వాళ్ళు నొక్కినవాటి సగటు కూడా ఆ ఉద్యోగి లెక్కలో చేరుతుంది.

అక్కడ ఒక పిల్ల పనిచేసేది. శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డు ఊరు వాళ్ళది. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరుగుతుంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, పరీక్షా కాలం ముగింపుకొచ్చింది. ఖాతాదారులు నొక్కే అంకెల్లో అందరికన్నా అడుగున ఉన్నది ఆ పిల్లే. పైగా ఒక ఫేటల్. టీమ్ లీడర్ విశాఖపట్నం కుర్రవాడు, మంచివాడే. కాగితం చూసి, “ఈ నెలాఖరుకి పంపించెయ్యాలి సార్” అన్నాడు.

ఆ పిల్ల ఫోన్లు నేను విన్నాను. అవతలివాళ్ళు తిట్టుకుంటూ మొదలుపెట్టి నవ్వుతూ ముగించేవారు. నవ్విన మనిషి ఒకటెందుకు నొక్కుతాడు? ఆ మాటే అడిగాను.

“నొక్కారు కదా సార్. ఒకటంటే ఒకటే” అన్నాడు.

“ఒకటంటే ఏమిటో నొక్కినవాళ్ళను అడుగుదాం” అన్నాను. గొంతు కొంచెం పెరిగిందనుకుంటాను, మేనేజరు తన గదిలోంచి మా ఆడిటింగు గదికి వచ్చింది. విషయం విని, అడగమంది. ఒకటి నొక్కినవాళ్ళకు టీమ్ లీడర్ చేతే ఫోన్లు చేయించింది. స్పీకర్‌లో అందరం విన్నాం.

మొదట పాలకొండ పక్క ఒక ముసలమ్మ ఎత్తింది.

“మా అమ్మాయి మీతో సరిగ్గా మాట్లాడలేదా అమ్మా?” అన్నాడు టీమ్ లీడర్.

“ఎవులన్నారు? ఆ పిల్ల నోరు సల్లగుండ. బొమ్మొచ్చినాది, ఇప్పుడు అదే సూస్తన్నాను.”

“మరి ఒకటి నొక్కారు?”

“ఫస్టొచ్చినోలికి ఒకటే గదేటి బాబూ. మా మనవడికి బల్లో ఒకటొచ్చినాదని వీదంతా పప్పుబెల్లాలు పంచినాం. ఐదిస్తే ఆ పిల్ల ఏటనుకుంటాది?”

తరవాత ఎత్తినవాళ్ళలో చాలామందిది ఇదే వరస. రికార్డింగ్ చెప్పేది పుస్తకాల తెలుగు, అదీ గబగబా. సగం వినేలోగానే మావాళ్ళు ఫస్టు రేంకు ఇచ్చేసేవారు. అయితే అందరూ అలా కాదు. ఒకాయన మాత్రం, “ఆ పిల్ల మాటలైతే సెప్పినాది గాని బొమ్మ రానేదు” అని కసిరాడు. ఆ ఒకటి అసలైన ఒకటే. దాన్ని అలాగే ఉంచమన్నాను.

మరి ఆ పిల్లకే ఎందుకు ఇన్ని ఒకట్లు అని మేనేజరు అడిగింది. టీమ్ లీడర్ కాస్త నసిగాడు. పల్లెల్లోంచి పెద్దవాళ్ళు ఫోన్ చేస్తే మిగతా పిల్లలకు మాట అంది చచ్చేది కాదు. ‘మీ బాస నువ్వే సూసుకో’ అని వేళాకోళం చేసి ఆ లైన్లన్నీ ఈ పిల్లకు తోసేవారట. ఎక్కువసేపు పట్టే ఫోన్లు, రేంకులిచ్చే ఫోన్లు, అన్నీ ఆ పిల్ల నెత్తినే.

“అయితే ఆ ఫేటల్ కూడా తీసేద్దామా సార్?” అన్నాడు టీమ్ లీడర్. కొంచెం ఎత్తిపొడుపుగానే అన్నాడు.

వద్దన్నాను. మాట్లాడేదెవరో అడక్కుండా ఖాతా తెరిచిందని ఆ సున్నా వేసింది నేనే. పిల్లను లోపలికి పిలిచారు. ఒకట్ల సంగతి విని నవ్వింది గాని, సున్నా మాట రాగానే నా వైపు తిరిగింది.

“నువ్వేసినావేటి తాతా? ఆ మావ నెలనెలా సేస్తాడు. గొంతింటే సాలు, పేరడగాలేటి?”

“నీకు తెలుసు. వాళ్ళ తమ్ముడి గొంతూ అలాగే ఉంటే? అన్న ఖాతాలో తమ్ముడు సినిమా చానళ్ళ పేకు పెట్టించుకుంటే ఎవరిని అడుగుతారు?”

“ఆడికంత తెలివుంటే నాకెందుకు ఫోను సేస్తాడు?”

మేనేజరు నవ్వు ఆపుకుని తీర్పు చెప్పింది. పొరపాటున పడ్డ ఒకట్లు లెక్కలోంచి తీసేస్తారు. సున్నా ఉంటుంది. ఉద్యోగంలోంచి తియ్యరు, ఇంకొన్నాళ్ళు చూసి ఖాయం చేస్తారు. రికార్డింగ్ మార్చమని కంపెనీకి రాస్తే, రాష్ట్రమంతటికీ అదొక్కటేనని కొన్నాళ్ళకు జవాబొచ్చింది. ఆ జవాబు చదివి నేనన్న మాటలు ఇక్కడ రాయను.

ఆ రోజు తీర్పు విని పిల్ల సంతోషించిందనుకున్నాను. గుమ్మం దగ్గర నిలబడి అంది:

“మీరంతా గదిలో కూకొని నా గొంతు ఇంటారు. నాను పని సేసేటప్పుడు ఒక్కలూ సూడరు. ఒకపాలి పక్కన కూకొని ఇను తాతా, అప్పుడెయ్యి సున్నా.”

మర్నాడు రెండో హెడ్‌ఫోను తగిలించుకుని పక్కన కూర్చున్నాను. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే మనిషి ఒకడు ఫోన్ చేశాడు. డబ్బు కట్టాడట, చానళ్ళు రాలేదట. పిల్ల పేరు అడిగింది, ఖాతాలో ఉన్న ఫోన్ నంబరు అడిగింది, నా వైపు ఓరగా చూసింది. తరవాత అతని ఖాతా తెరవడానికి మీట నొక్కింది. తెర మీద చక్రం తిరగడం మొదలెట్టింది. తిరుగుతూనే ఉంది.

“అటు వానుందేటి మావా? ఉప్పు తడిసిపోదూ?” అంది పిల్ల.

అతను ఉప్పు మీద టార్పాలిన్ కప్పిన సంగతి చెప్పుకొచ్చాడు. పిల్ల ఊకొడుతూ తెర వైపే చూస్తోంది. ఇలాంటి మాటలకే టీమ్ లీడర్ ‘అనవసర సంభాషణ’ అని మార్కులు కోసేవాడు. ఏమీ మాట్లాడకపోతే ‘మౌనం’ అని కొయ్యాలి. రికార్డులో మాట వినిపిస్తుంది గాని ఆగిపోయిన తెర కనిపించదు. చక్రం ఆగింది, పిల్ల చానళ్ళు తెరుచుకునే సిగ్నల్ పంపింది, అవతల బొమ్మ వచ్చింది.

నేను మార్కుల కాగితంలో గళ్ళన్నీ నింపాను. అడుగున వ్యాఖ్య రాసే చోటు ఉంటుంది, ఎవరూ రాయరు. అక్కడ రాశాను: ‘తెర పనిచేయనంతసేపూ ఖాతాదారుకి తోడుగా ఉంది. దీనికి మార్కు కోయరాదు.’

“ఎంతేసినావు?” అంది పిల్ల.

“ముందు అడుగున రాసింది చదువు.”

వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. ఇంకోసారి చదివింది.

“రాతైతే బాగుంది. మార్కెంతో సెప్పు తాతా, అవతల లైనొస్తంది.”