రానని చెప్పిన రోజు

పదిహేనేళ్లుగా బాయిలర్ల దగ్గర పనిచేస్తున్న ఆవిడకు ఒకే వారంలో రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీలో. రెండోది ఒక ఆసుపత్రిలో. పగటి డ్యూటీ, జీతమూ ఎక్కువే. ఆసుపత్రి ఆఫర్ మీద పొద్దున్నే సంతకం చేసి పంపేసింది. ఇక ఫ్యాక్టరీ ఉద్యోగం చూసిపెట్టిన కన్సల్టెన్సీ మేడమ్‌కు చెప్పాలి.

"ఫోనెత్తకు వదినా, వాళ్లకే అర్థమవుతుంది," అన్నాడు మరిది, షూ లేసులు కట్టుకుంటూ. "ఎందుకొచ్చిన గొడవ?"

"నేనొస్తానని అక్కడో మనిషి డబల్ డ్యూటీ చేస్తున్నాడయ్యా."

ఇంటర్వ్యూ రోజు ఆ మనిషిని చూసింది. ఎర్రబడ్డ కళ్లతో, గోడకానుకుని నిలబడే కునుకు తీస్తున్నాడు. ఆవిరి ఎక్కువైతే తనంతట తానే తెరుచుకోవాల్సిన సేఫ్టీ వాల్వ్‌ను అక్కడ ఇనపతీగతో బిగించి కట్టారు. "ఆవిరి ఊరికే పోతోందట," అన్నాడతను గొంతు తగ్గించి. అలా కడితే బాయిలర్ ఏ రోజైనా పేలిపోవచ్చని ఆమెకు తెలుసు.

మేడమ్ మొదటి రింగుకే ఎత్తింది.

"మేడమ్, మీరు నాకోసం చాలా కష్టపడ్డారు. కానీ నేను వేరే చోట ఒప్పుకున్నాను. ఈ రోజే సంతకం పెట్టాను. మీరు ఇంకొకర్ని చూసుకోవాలి కదా, అందుకే వెంటనే చెబుతున్నా."



"జీతం పెంచమని అడగనా?"

"వద్దండీ. మాటిచ్చేశాను."

"నిజం చెప్పండి. వద్దన్నవాళ్లలో మీరు మూడోవారు. అక్కడేముంది?"

ఆమె ఆలోచించింది. ఫ్యాక్టరీ మీద చాడీ చెప్పినట్టవుతుందేమో. చెప్పకపోతే నాలుగోవాడు వెళ్తాడు. ఎవరినీ తిట్టకుండా, తాను చూసింది చూసినట్టు చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఫ్యాక్టరీకి మెయిల్ కూడా రాసింది: అవకాశమిచ్చినందుకు కృతజ్ఞతలు, వేరే ఉద్యోగం ఒప్పుకున్నందున చేరలేకపోతున్నాను, ఇబ్బందికి మన్నించండి. వాల్వ్ సంగతి అందులో కలపలేదు. దాన్ని విడిగా, తేదీ వేసి, మేడమ్‌కు పంపింది.

పది రోజులకు మేడమే ఫోన్ చేసింది.

"మేనేజర్‌కి చెప్పానండీ. నవ్వాడు. బాయిలర్ తనిఖీ ఆఫీసుకు మీ కాగితం పంపాను, ఇంకా ఎవరూ రాలేదు. నేనైతే అక్కడికి మనుషుల్ని పంపడం మానేశా. మీకు ఎప్పుడు ఏ ఉద్యోగం కావాలన్నా నాకే చేయండి. ఇలా ఫోన్ చేసి చెప్పినవాళ్లు నాకు తగల్లేదు."

"మరి ఆ డబల్ డ్యూటీ ఆయన?"

"మానేశాడు. ఇంకో ఏజెన్సీ కొత్తవాణ్ణి పెట్టిందట. బాయిలర్ లైసెన్సు కూడా ఉందో లేదో."

మర్నాడు ఆసుపత్రికి వెళ్తూ ఆమె బస్సు కిటికీలోంచి చూసింది. ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ ఎప్పటికన్నా దట్టంగా లేస్తోంది. గేటు దగ్గర పొద్దుటి షిఫ్టు వాళ్లు నవ్వుకుంటూ లోపలికి వెళ్తున్నారు. ఆమె తనిఖీ ఆఫీసుకు తానే ఫోన్ కలిపింది. రింగవుతూనే ఉంది.