అయిదు చేలు, ఒకటే కాలువ

కరోనా భయంతో మార్కెట్ కూలిన వారం నా అయిదు మ్యూచువల్ ఫండ్లూ ఒక్కసారే పడ్డాయి. అయిదూ అయిదు కంపెనీలవి. ఇందులో ఏదో మోసముందనుకుని, కాగితాలు చంకన పెట్టుకుని బెంజ్ సర్కిల్‌లో మా ఏజెంటు ఆఫీసుకు వెళ్లాను.

"వేరువేరు ఫండ్లన్నారు కదండీ? అన్నీ కూడబలుక్కుని పడ్డాయేంటి?"

ఆయన ఒక్కో ఫండులో ఉన్న షేర్ల జాబితా తీసి నా ముందు పరిచారు. నాలుగింటిలో పైనున్నవి దాదాపు అవే బ్యాంకులు, అవే సాఫ్ట్‌వేర్ కంపెనీలు.

"మరి అయిదోదాంట్లో అన్నీ చిన్న కంపెనీలేగా? అది అన్నిటికంటే ఎక్కువ పడిందేం?" అని నిలదీశాను.

"అవీ షేర్లే కదండీ. భయమేస్తే జనం మంచీ చెడూ చూడరు, డబ్బు చేతికొస్తే చాలని అన్నీ అమ్మేస్తారు. చిన్నవాటికి కొనేవాడే దొరకడు. మీకు తెలియందేముంది? అయిదు చేలున్నా కాలువ ఒకటైతే, నీళ్లు రాని ఏడు అయిదూ ఎండవూ?"

"ఆ ముక్క ముందే చెప్పొద్దా?"

"చెప్పానండీ. కొంత బ్యాంకు డిపాజిట్‌లో, కొంత ప్రభుత్వ బాండ్లలో ఉంచమన్నాను. షేర్లు పడినంత మాత్రాన అవి పడవు. మీరే వద్దన్నారు."

నిజమే. డిపాజిట్ మీద ఈయనకు పైసా కమీషన్ రాదు, అయినా ఎందుకు చెబుతున్నాడు, దీని వెనక ఏముందో అనుకున్నాను ఆ రోజు. తనకు లాభం లేకుండా ఆయన చెప్పిన మాట అదొక్కటే. ఆ రోజు నేను అనుమానించిందీ ఆ ఒక్కదాన్నే.