భానుశ్రీ కేకు మీద ఎస్

మా స్టూడియోలో ఏకాంబరం కూర్చునే కుర్చీకి చేతులుండవు. ఉంటే మోచేతులు ఆనించుకుని కునుకు తీస్తానని ఆయనే పీకించేశాడు. ఆ ముచ్చట ఎవరికైనా చెప్పేటప్పుడు మాత్రం కుర్చీ విరగ్గొట్టిన నేరం నా మీద వేస్తాడు. ఇరవై ఏళ్ల స్నేహం కాబట్టి ఊరుకుంటాను.

తిరుపతి కొర్లగుంటలో చిన్న ఫొటో స్టూడియో నాది, బోర్డు మీద సురేంద్ర అని నా పేరే. ఏకాంబరం నగరి మనిషి. ఇంట్లో అందరూ మగ్గం పని చేసేవాళ్లే. ఈయన ఒక్కడే పెన్సిలు పట్టుకుని నెగటివుల మీద ముఖాల మచ్చలు తీసే పనికి వచ్చాడు. కంప్యూటర్ వచ్చాక ఆయన పని అయిపోయిందనుకున్నాను. యాభై ఏళ్ల వయసులో మౌసు పట్టుకుని, పళ్లు బిగించి, నెల తిరక్కుండానే నాకు నేర్పే స్థాయికి వచ్చాడు. నేర్పేటప్పుడు తిట్టేవాడు కూడా.

ఆయనకొక పట్టుదల ఉంది. ఫొటోలో లేనిది ఫొటోలో పెట్టడు. కొండ మీద గుండు చేయించుకుని కిందికి దిగిన వాళ్లు పెళ్లి చూపులకు జుట్టుతో ఫొటో కావాలని వస్తుంటారు. నేనైతే ఎవరి జుట్టో ఒకరిది అతికించి పంపేస్తాను. ఆయన మాత్రం, "నీ పాత ఫొటో తీసుకురాప్పా, నీ జుట్టే నీకు పెడతా" అంటాడు. అది తెచ్చే లోపల గిరాకీ పక్క షాపుకు పోతుంది. ఇలాంటి మనిషితో వ్యాపారం ఎలా చేశానో ఆ వెంకన్నకే తెలియాలి.

2006లో, వానాకాలం వెళ్తున్న రోజుల్లో, మునిలక్ష్మి వచ్చింది. తిరుచానూరులో అమ్మవారి గుడి దగ్గర పూలమ్మే మనిషి. ఆమె భర్త జయచంద్ర ఒకప్పుడు మా వీధి చివర బేకరీలో కేకు మాస్టరు, ఇప్పుడు కువైట్‌లో కూడా అదే పని. ఆమె కొంగులోంచి ఒక ఫొటో తీసింది. తెల్ల క్రీము కేకు. దాని వెనక ఏప్రాన్ కట్టుకుని, నవ్వాలో వద్దో తెలియని మొహంతో జయచంద్ర. కేకు మీద గులాబి రంగు క్రీముతో, ఇంగ్లీషు చిన్న ఏబీసీడీల్లో, హ్యాపీ బర్త్‌డే పల్లవి. పెద్దకూతురి మొదటి పుట్టినరోజుకు తనే చేసి, తనే పేరు రాసి, ఇంటికి తీసుకుపోయే ముందు బేకరీలోనే తీయించుకున్న ఫొటో.

"ఈ పేరు తీసేసి భానుశ్రీ అని పెట్టాలన్నా" అంది. "మా ఆయన చేత్తో రాసినట్టే ఉండల్ల."

భానుశ్రీ రెండో కూతురు. ఆ పిల్ల కడుపులో ఉండగానే జయచంద్ర విమానం ఎక్కాడు. అక్కడి యజమాని పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకున్నాడు, రావడానికి కుదరలేదు. పిల్లకు ఇప్పుడు అయిదో ఏడు వస్తోంది. తండ్రిని చూడలేదు.

"ఫోను చేస్తే మాట్లాడదన్నా. అక్కకు కేకు చేసినాడు, నాకు చెయ్యలా, ఆయన అక్క నాయన అంటాది. నా పేరు ఆయనకు తెలుసునా అని అడుగుతాది." మునిలక్ష్మి కళ్లు తుడుచుకోలేదు, కానీ ఫొటోను కౌంటరు మీద తిన్నగా పెట్టలేకపోయింది. "ఇది సూపించి, నీ కోసం ముందే చేసి పెట్టిపోయినాడు, ఇప్పుడు దొరికిందని చెప్తా."

నేను వెంటనే ఒప్పుకున్నాను. వంకర టింకర ఇంగ్లీషు ఫాంటు ఒకటి ఎంచి, గులాబి రంగు వేసి, అంచుకు కాస్త ఉబ్బు ఇచ్చి, టీ తాగే లోపల ఏకాంబరానికి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు.

"బాగుండాదప్పా. కేకు మీద ప్లాస్టిక్ పేరు."

నాకు కోపం వచ్చింది. కానీ చూస్తే అది నిజంగానే ప్లాస్టిక్‌లా ఉంది. పైన హ్యాపీ బర్త్‌డే అనే మాటలో క్రీము ఒక చోట లావు, ఒక చోట సన్నం. చెయ్యి ఆగిన చోట చిన్న బొడిపె, క్రీము పిండే పొట్లం పైకి లాగిన చోట చిన్న తోక. ప్రతి అక్షరం కింద కుడివైపు సన్నని నీడ. నా అక్షరాలకు అవేమీ లేవు.

ఏకాంబరం నన్ను లేపి చేతుల్లేని తన కుర్చీలో కూర్చున్నాడు. ఫొటోను బాగా పెద్దగా స్కాన్ చేశాడు. అసలుది అలాగే ఉంచి, దాని నకలు మీద పని మొదలుపెట్టాడు. మొదట పల్లవి పేరును కప్పాడు. పక్కనున్న ఖాళీ క్రీమును కొంచెం కొంచెంగా తీసి పేరు మీద పరిచాడు. అక్షరాలు పోయినా వాటి నీడలు మిగిలిపోతాయి, వాటిని కూడా వెతికి వెతికి తుడిచాడు. ఆ తర్వాత అక్షరాల వేట.

"బి ఉండాది, బర్త్‌డేలో. హెచ్ ఉండాది. ఏ కావల్సినన్ని. ఆర్, ఐ ఉండాయి. ఎన్ లేదు."

"మరి?"

"హెచ్ నిలువు గీతను పొట్టిగా కోస్తే ఎన్ అయితాది. యూ కూడా లేదు. ఎన్‌ను తలకిందులు చేద్దామంటే నీడ పైకి పోతాది. హ్యాపీలో వై ఉండాది కదా, దాని తోక కోసేస్తే యూనే."

అలాగే చేశాడు. బర్త్‌డేలోని బి కింద ఒక క్రీము చుక్క ఉంది. అదే చుక్క పేరులోని బికి కూడా ఉంటే దొరికిపోతామని దాన్ని తీసేసి, చివరను మరో అక్షరం చివరతో మార్చాడు. పల్లవి కంటే భానుశ్రీ ఎక్కువ చోటు తింటుంది. నేను అక్షరాలు చిన్నవి చెయ్యమన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. చిన్నవి చేస్తే క్రీము దారం సన్నబడిపోతుందట, మగ్గం మీద నూలు మారినట్టు తెలిసిపోతుందట. అక్షరాలను దగ్గర దగ్గరగా జరిపి, చివరి రెండింటినీ కాస్త ఇరికించాడు. పేరు పట్టదేమోనని కేకు మాస్టర్లందరూ చివర్లో ఇరికిస్తారు కాబట్టి ఇంకా నిజంగా కనబడింది.

మిగిలింది ఎస్. ఆ కేకు మొత్తం మీద ఎస్ లేదు. ఏకాంబరం రెండు రోజులు దాని చుట్టూ తిరిగాడు. చివరికి కేకు అంచున అలంకారానికి పెట్టిన క్రీము మెలికలు రెండు తీసి కలిపాడు. నాకు బాగుందనిపించింది. ఆయనకు అనిపించలేదు. పాసుపోర్టు ఫొటోలు కత్తిరిస్తూ కూడా అది జయచంద్ర చెయ్యి కాదని గొణుగుతూనే ఉన్నాడు.

ప్రింటు వేసే ముందు మునిలక్ష్మి, "ఆయనకు ఒకసారి సూపిద్దామన్నా" అంది. మెయిల్లో పంపించాం. జయచంద్ర నెట్ సెంటరులో చూశాడట. రెండో రోజు మధ్యాహ్నం స్టూడియోకు ఫోను చేశాడు. నేను ఫోను స్పీకరులో పెట్టాను. మొదట ఏడుపు వినిపించింది.

"అన్నా, అన్నీ నావే" అన్నాడు. "నా చెయ్యి నాకు తెలీదా. ఆ ఎస్ మాత్రం నాది కాదన్నా."

ఏకాంబరం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తప్పు దొరికినందుకు సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"నేను చెప్పలా సురేంద్రా! నేను చెప్పలా! ఏమప్పా జయచంద్రా, మీ బేకరీలో గులాబి క్రీము ఉండాదా? ఒక ప్లేటు మీద తెల్ల క్రీము పరిచి, దాని మీద ఎస్ రాసి ఫొటో తీసి పంపు. వెలుతురు నీ ఎడమ పక్క నుంచి పడల్ల. ఫ్లాష్ వెయ్యొద్దు, నీడ సచ్చిపోతాది. ఆ కేకు నువ్వు ఎంత లావు పొట్లంతో రాసినావో గుర్తుండాదా?"

"ఎందుకుండదన్నా!"

మూడు రోజులకు ఫొటో వచ్చింది. అక్కడెవరో మిత్రుడి కెమెరాతో తీసినట్టుంది. ఒకటి కాదు, ప్లేటు నిండా ఎస్‌లు. కొన్ని లావు, కొన్ని సన్నం, ఒకటి రాస్తూ ఉండగానే పక్కకు జారింది. ప్లేటు అంచున మైదా అంటిన రెండు వేళ్లు. ఏకాంబరం అన్నిటినీ చూసి, ఆ జారిన దాని పక్కనున్నదాన్ని ఎంచుకున్నాడు. గులాబి రంగు పాతదానికి సరిపోయేలా కొంచెం వాడబెట్టాడు, అంచులు మెత్తబరిచాడు. మెలికల ఎస్ తీసేసి దీన్ని పెట్టాడు. ఇరికించిన ఆర్, ఐ పక్కన అది చక్కగా సర్దుకుంది.

పుట్టినరోజు నాడు సాయంత్రం మునిలక్ష్మి భానుశ్రీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రెండు జడలు, కొత్త గౌను, ముడుచుకున్న మూతి. ప్రింటు పిల్ల చేతిలో పెట్టాను. మునిలక్ష్మి తను అనుకున్న మాటలు మొదలుపెట్టింది, నాయన నీకోసం ముందే చేసి పెట్టినాడంట, ఇప్పుడే దొరికిందంట అని.

పిల్ల ఫొటోను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఇది అక్క కేకు" అంది. "పేరు మార్చినారు."

ఆ నల్ల ఏప్రాను, ఆ నవ్వీ నవ్వని మొహం రోజూ ఇంట్లో గోడ మీద చూసే పిల్ల అది. మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు. అక్షరాల కోసం అంత తన్నుకులాడిన మేము, కేకు వెనకున్న ఇంత పెద్ద మనిషిని మరిచిపోయాం. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. పిల్ల ఫొటోను కౌంటరు మీద బోర్లా పెట్టి గుమ్మం వైపు నడిచింది.

"దా తల్లీ, నిజమే" అన్నాడు ఏకాంబరం. "పేరు నేనే మార్చినా. ఎట్ల మార్చినానో సూపిస్తా రా."

తన కుర్చీలో కూర్చోబెట్టి ఫైలు తెరిచాడు. మౌసుతో ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని, అది బయల్దేరిన చోటికి జరిపి చూపించాడు. ఈ బి బర్త్‌డేలోది. ఈ యూ అక్క కేకులోని వై, తోక కోసేసినా. ఈ ఏ మీ అక్కదే. పిల్ల మొదట పట్టించుకోలేదు, తర్వాత కుర్చీ మీద మోకాళ్లు పెట్టి ముందుకు వంగింది. ఒక్కో అక్షరం వెళ్లిపోయేకొద్దీ ఆమె మొహం ఇంకా చిన్నదైపోయింది. నాకు ఏకాంబరాన్ని ఆపాలనిపించింది.

చివరికి ఎస్ ఒక్కటే మిగిలింది.

"ఇది యాడిది?" అంది.

ఏకాంబరం కువైట్ ఫొటో తెరిచాడు. తెల్ల క్రీము ప్లేటు, దాని నిండా గులాబి ఎస్‌లు.

"ఇవి మీ నాయన మొన్న రాసినాడు. కువైట్‌లో, నీకోసమే. ఒకటి రాయమంటే ప్లేటు నిండా రాసినాడు, సూడు. ఇవి ఆయన వేళ్లు."

భానుశ్రీ తెర మీద ఆ వేళ్లను ముట్టుకుంది. తర్వాత ఎస్‌లను ఒక్కొక్కటిగా ముట్టుకుంది, ఆ జారిపోయినదాన్ని కూడా. మునిలక్ష్మి కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది.

"అక్క కేకులో ఇది లేదు కదా?" అని అడిగింది.

"లేదు తల్లీ. యాడా లేదు."

పిల్ల కుర్చీ దిగింది. బోర్లా పెట్టిన ఫొటోను తీసుకుని గౌనుకు తుడిచింది. తల్లి వైపు తిరిగి, "నాయనకు ఫోను చెయ్యి, నేనే ముందు మాట్లాడతా" అంది.